దివాలా పంక్తిలో కార్మికుడి విస్తరి

కంపెనీ మూతపడి ఆరు నెలల జీతం ఆగిపోయిన వాళ్ల దగ్గర రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి, "మొత్తం బ్యాంకులే తన్నుకుపోతాయి, మనకేం రాదు." రెండోది యూనియన్ సభల్లో చెప్పేది, "చట్టప్రకారం అందరికన్నా ముందు కార్మికుడికే ఇవ్వాలి." రెండూ తప్పే. మన దివాలా చట్టంలో, అంటే 2016 నాటి ఇన్సాల్వెన్సీ అండ్ బ్యాంక్రప్సీ కోడ్‌లో, కార్మికుడిని బ్యాంకు పక్కనే, ఒకే పంక్తిలో కూర్చోబెట్టారు. అయితే వడ్డన ఏ రోజు నుంచి లెక్కేసుకుని మొదలుపెడతారన్నది కార్మికుడి చేతిలో లేదు. నా ఫిర్యాదంతా ఆ తేదీ మీదే.

ముందు వరస ఏమిటో చూద్దాం. కంపెనీని లిక్విడేట్ చేసి ఆస్తులు అమ్మితే, వచ్చిన డబ్బును 53వ సెక్షన్ చెప్పిన క్రమంలోనే పంచాలి. మొదట దివాలా ప్రక్రియ ఖర్చులు, లిక్విడేషన్ ఖర్చులు పూర్తిగా తీసేస్తారు. ఆ తర్వాతి మెట్టు మీద ఇద్దరుంటారు. లిక్విడేషన్ మొదలైన తేదీకి వెనక 24 నెలల కాలానికి సంబంధించిన కార్మికుల బకాయిలు ఒకటి, తాకట్టు హక్కును వదులుకుని ఉమ్మడి సొమ్ములోకి వచ్చిన బ్యాంకుల అప్పు రెండోది. ఈ ఇద్దరూ సమానం. డబ్బు చాలకపోతే ఇద్దరికీ ఒకే నిష్పత్తిలో కోత పడుతుంది. మూడో మెట్టు మీద కార్మికుల నిర్వచనంలోకి రాని ఉద్యోగుల జీతాలు, అవి కూడా 12 నెలలవే. ఆ కిందే తాకట్టు లేని ఆర్థిక అప్పులు, దాని కింద ప్రభుత్వ పన్నులు, ఆ కింద "మిగిలిన అప్పులన్నీ" అనే గంపగుత్త మెట్టు. 24 నెలల కన్నా పాత జీతాలు చేరేది ఈ చివరి గంపలోకే. అక్కడిదాకా డబ్బు దిగడం చాలా అరుదు.

కాబట్టి కార్మికుడు జీఎస్టీ శాఖ కన్నా ముందు, సరుకు సప్లై చేసినవాళ్ల కన్నా ముందు, వాటాదారుల కన్నా ఎంతో ముందు. బ్యాంకు కన్నా మాత్రం ముందు కాదు, దానితో సమానం.

ఈ "సమానం" చేతికొచ్చేసరికి ఎంతవుతుందో ఒక ఊహా మిల్లు లెక్కతో చూద్దాం. అంకెలు నేను వేసుకున్నవే, నిష్పత్తులు మాత్రం చట్టానివి. మిల్లులో 500 మంది కార్మికులు. 2022 అక్టోబర్ నుంచి జీతాలు ఆగాయి. 2023 మార్చి 31న గేటుకి తాళం పడింది. ఒక్కొక్కరికి నెలకి 20,000 చొప్పున ఆరు నెలలకి 1,20,000 రూపాయలు, మొత్తం 6 కోట్లు. మూసివేత పరిహారం వేరే ఉంటుంది, లెక్క తేలిక కోసం దాన్ని పక్కన పెడదాం. బ్యాంకులకు తాకట్టు మీద రావలసింది 114 కోట్లు. ఆస్తులమ్మితే 40 కోట్లు వచ్చాయి, ఖర్చులకి 4 కోట్లు పోయాయి. మిగిలిన 36 కోట్లను 6 ప్లస్ 114, అంటే 120 కోట్ల బకాయిల మీద పంచాలి. రూపాయికి ముప్పై పైసలు. కార్మికుడికి రావలసిన 1,20,000లో చేతికొచ్చేది 36,000. సూపర్‌వైజర్లకీ మేనేజర్లకీ సున్నా, ఎందుకంటే రెండో మెట్టు మీద ఆకలి తీరకుండా మూడో మెట్టుకి గరిటె దిగదు.

ముప్పై పైసలు తక్కువే. అయినా దాని మీద నాకు పెద్ద పేచీ లేదు. ఉన్నది చాలనప్పుడు అందరికీ తగ్గుతుంది. నా పేచీ తర్వాతి లెక్కతో.

ఇదే మిల్లు దివాలా పిటిషన్‌ని కంపెనీల దివాలా కేసులు చూసే ట్రిబ్యునల్, హైదరాబాద్ ఎన్‌సీఎల్‌టీ, 2023 అక్టోబర్ 1న స్వీకరించిందనుకోండి. కొనేవాళ్లెవరైనా వస్తారేమోనని వెతికే దశ అప్పుడు మొదలవుతుంది. చట్టం దీనికిచ్చిన గడువు 180 రోజులు, పొడిగింపులూ కోర్టు తగాదాలూ అన్నీ కలుపుకుని 330 రోజులు. ఆ గడువులోపు తేలకపోతే లిక్విడేషన్. 330 రోజులంటే 2024 ఆగస్టు 26. లిక్విడేషన్ ఆర్డర్ ఆ రోజే వచ్చి ఉంటే, 24 నెలలు వెనక్కి వెళితే 2022 ఆగస్టు 26. ఆగిన జీతాలన్నీ ఆ కిటికీలోపలే ఉన్నాయి. 36,000 వస్తాయి.

గడువు దాటిపోవడం మన ట్రిబ్యునళ్లలో మామూలే. ఆర్డర్ 2025 జనవరి 1న వచ్చిందనుకుంటే కిటికీ 2023 జనవరి 1 నుంచి తెరుచుకుంటుంది. అక్టోబర్, నవంబర్, డిసెంబర్ జీతాలు బయటపడ్డాయి. మిగిలిన మూడు నెలల 60,000 మీద, మారిన నిష్పత్తితో, వచ్చేది సుమారు 18,500. ఆర్డర్ 2025 ఏప్రిల్ 1న వస్తే కిటికీ 2023 ఏప్రిల్ 1 నుంచి. గేటు మూసింది అంతకు ముందు రోజు. ఆరు నెలల జీతమూ బయటే, చివరి గంపలో. వచ్చేది సున్నా.

అదే కోణాన్ని బ్యాంకు వైపు నుంచి చూడండి. కార్మికులు పంక్తిలో నుంచి లేచిపోతే బ్యాంకుకి రూపాయికి 30 పైసల బదులు 31.6 పైసలు వస్తాయి. బ్యాంకుకి పైసా అరవై పెరగడానికి కార్మికుడికి మొత్తం పోయింది. ఆలస్యం చేసింది కార్మికుడు కాదు. అప్పులిచ్చినవాళ్ల కమిటీలో అతనికి ఓటు లేదు, వాయిదాలు అడిగింది అతను కాదు, బిడ్డింగ్ గడువు మూడుసార్లు పొడిగించిందీ అతను కాదు. బ్యాంకు అప్పుకి ఇలాంటి కిటికీ లేదు. పదేళ్ల నాటి అప్పు అయినా, తాకట్టు వదులుకుంటే, పూర్తిగా అదే మెట్టు మీద కూర్చుంటుంది.

"ప్రక్రియ నడిచిన కాలానికి కూడా జీతం పడుతుంది కదా, అది కిటికీలోనే ఉంటుంది కదా" అని అడగొచ్చు. దానికి సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో ఏబీజీ షిప్‌యార్డ్ కార్మికుల కేసులో జవాబిచ్చింది. దివాలా ప్రక్రియ నడపడానికి నియమించిన రిజల్యూషన్ ప్రొఫెషనల్, అంటే ఆర్పీ, కంపెనీని నడుపుతూ ఉండి, ఆ కాలంలో నిజంగా పనిచేసినవాళ్ల జీతం మాత్రమే ప్రక్రియ ఖర్చుగా, అంటే మొదటి మెట్టు మీద, చెల్లుతుంది. పనిచేయనివాళ్ల క్లెయిమ్ మామూలు బకాయిలా రెండో, మూడో మెట్లకే పోతుంది. తాళం పడ్డ మిల్లులో పనేముంటుంది? వాచ్‌మన్లకీ, బాయిలర్ చూసుకునే ఇద్దరికీ తప్ప ఆ తీర్పు లాభం ఎవరికీ దక్కదు. అందుకే గేటు మూశాక కూడా ఆర్పీ పిలిచి పని చేయించుకుంటే, ఆ రోజుల హాజరు, మస్టర్ నకలు, పిలిచిన మెసేజ్ దాచుకోవాలి. ఆ కొన్ని రోజుల జీతమే రూపాయికి రూపాయి వచ్చేది.

పాత కంపెనీల చట్టంలో ఈ కిటికీ లేదు. 1985 సవరణతో వచ్చిన 529ఎ సెక్షన్ కార్మికుల బకాయిలను తాకట్టు అప్పులతో సమానంగా, మిగతా అందరికన్నా ముందు పెట్టింది. కొత్త కోడ్ ఆ హక్కును తగ్గించిందనీ, లిక్విడేషన్‌లోనూ పాత పద్ధతే వర్తించాలనీ మోజర్ బేర్ కార్మికుల సంఘం సుప్రీంకోర్టుకి వెళ్లింది. 2023 మే 2న కోర్టు ఒప్పుకోలేదు. 53వ సెక్షన్ వరసే చెల్లుతుందని తేల్చింది. కాబట్టి ఈ లెక్క మార్చగలిగేది ఇక పార్లమెంటే. నేను కోరేది పెద్ద విప్లవమేమీ కాదు. 24 నెలలను లిక్విడేషన్ తేదీ నుంచి కాకుండా, పిటిషన్ స్వీకరించిన తేదీ నుంచి వెనక్కి లెక్కేస్తే చాలు. ఆ తేదీ చట్టానికి కొత్తది కాదు. ఎవరైనా కంపెనీని కొనే ప్లాన్ వేసినప్పుడు లిక్విడేషన్ విలువను అంచనా కట్టేది ఆ తేదీకే. క్లెయిమ్ ఫారంలో బకాయి లెక్క అడిగేదీ ఆ తేదీకే. రెండు చోట్ల పనికొచ్చిన తేదీ మూడో చోట ఎందుకు పనికిరాదు?

బ్యాంకుల వైపు వాదన కూడా వినాలి. కార్మికుల బకాయిలకి హద్దు లేకపోతే అప్పు ఇచ్చేటప్పుడే ఆ రిస్క్ లెక్కేసుకుంటారని, వడ్డీ పెరుగుతుందని అంటారు. కార్మికులే ఎక్కువ, యంత్రాలు తక్కువ ఉన్న పరిశ్రమల్లో అందులో నిజముంది. కానీ మన మిల్లు లెక్కలో, కార్మికులకి సమానం కాదు, ఏకంగా మొదటి స్థానమే ఇచ్చి 6 కోట్లూ కట్టేసినా, బ్యాంకుల వసూలు 30 పైసల నుంచి 26.3 పైసలకి తగ్గుతుంది. తేదీ మార్పుతో అయితే ఆ 30 అలాగే ఉంటుంది, అంతే. పైగా అప్పు ఇచ్చే ముందు బ్యాంకు బ్యాలెన్స్ షీట్ చూస్తుంది, తాకట్టు రాయించుకుంటుంది, ప్రమోటర్ గ్యారంటీ తీసుకుంటుంది. బాయిలర్ దగ్గర నిలబడే మనిషి నెలంతా పనిచేశాకే జీతం అడగగలడు. అతనిచ్చేదీ అప్పే, దానికి తాకట్టు లేదు. జర్మనీలో ఇలాంటి కార్మికుడికి దివాలాకి ముందు మూడు నెలల జీతాన్ని ఒక ప్రత్యేక నిధి నుంచి ముందే ఇచ్చేస్తారు, తర్వాత ఆ నిధే పంక్తిలో నిలబడుతుంది. మన దగ్గర అలాంటి నిధి లేదు కనుక కిటికీ తేదీయే సర్వస్వం అవుతుంది.

చట్టం మారేదాకా ఉన్న చట్టంలోనే తేదీని మనవైపు లాక్కునే దారి ఒకటుంది. బకాయి పడిన కార్మికులే పిటిషన్ వేయొచ్చు. ఒక్కో కార్మికుడూ ఆపరేషనల్ క్రెడిటరే, అంటే సరుకో పనో ఇచ్చి డబ్బు రావలసినవాడే. వాళ్ల తరఫున యూనియన్ కలిపి వేయొచ్చని జేకే జూట్ మిల్ కేసులో 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. 2020 మార్చి నుంచి కనీస బకాయి కోటి రూపాయలు. మన మిల్లు లెక్కన తలకి 1,20,000 చొప్పున 84 మంది చేరితే కోటి దాటుతుంది. ముందు కంపెనీకి డిమాండ్ నోటీసు పంపాలి, పది రోజులు ఆగాలి, ఆ తర్వాత పిటిషన్. ఇక్కడ దెబ్బతినేది ఎక్కువగా ఒకే చోట. నోటీసుకి ముందే బకాయి మీద వివాదం నడుస్తున్నట్టు కంపెనీ చూపించగలిగితే పిటిషన్ కొట్టేస్తారు. అందుకని మొత్తం ఎంత అన్నదాని మీద తగువు పడే బోనస్, ఓవర్‌టైమ్ లాంటివి ఈ నోటీసులో కలపకపోవడం మంచిది. జీతం స్లిప్పుల్లో ఉన్నదీ, కంపెనీయే ఒప్పుకున్నదీ మాత్రమే పెట్టండి. మిగతావి క్లెయిమ్ ఫారంలో వేసుకోవచ్చు. జీతం బకాయికి మూడేళ్ల లిమిటేషన్ కూడా ఉంటుంది. మిల్లు మళ్లీ తెరుస్తారన్న ఆశతో నాలుగేళ్లు గేటు ముందు టెంటు వేసుకుని కూర్చున్నవాళ్లకి ఆ తర్వాత ఈ దారి మూసుకుపోతుంది.

పిటిషన్ స్వీకరించగానే మారటోరియం మొదలవుతుంది. లేబర్ కోర్టులో నడుస్తున్న వసూలు కేసులు ఆగిపోతాయి. అది చూసి చాలామంది "కేసు ఉంది కదా" అని ఊరుకుంటారు. దాని కన్నా పెద్ద పొరపాటు లేదు. కంపెనీని ఎవరైనా కొని, ఆ ప్లాన్‌కి ట్రిబ్యునల్ ముద్ర పడితే, ప్లాన్‌లో లేని పాత బకాయిలన్నీ చచ్చిపోయినట్టే. 2021 ఏప్రిల్‌లో ఘనశ్యామ్ మిశ్రా కేసులో సుప్రీంకోర్టు ఈ విషయంలో అనుమానం మిగల్చలేదు. కొత్త యజమానికి శుభ్రమైన పలక. మీ పేరు దాని మీద లేకపోతే తర్వాత రాయించుకోలేరు.

ప్లాన్ వస్తే కార్మికుడికి కనీసం ఎంత ఇవ్వాలో కూడా చట్టంలో ఉంది. కంపెనీని లిక్విడేట్ చేసి ఉంటే ఎంత వచ్చేదో, లేదా ప్లాన్ సొమ్మునే 53వ సెక్షన్ వరసలో పంచితే ఎంత వచ్చేదో, రెండింట్లో ఎక్కువైనది తగ్గకుండా, అదీ బ్యాంకుల కన్నా ముందు కట్టాలి. మన మిల్లులో రూపాయికి 30 పైసలన్నది కొనేవాడు ఇవ్వాల్సిన కనీసం, గరిష్ఠం కాదు. మళ్లీ మిల్లు నడపాలనుకునేవాడికి పాత కార్మికులతో సఖ్యత కావాలి కాబట్టి బేరానికి చోటు ఉంటుంది. కాగజ్‌నగర్‌లో 2014లో మూతపడిన సిర్పూర్ పేపర్ మిల్లును 2018లో హైదరాబాద్ ఎన్‌సీఎల్‌టీ ఆమోదించిన ప్లాన్ ప్రకారం జేకే పేపర్ తీసుకుంది. ఒక ఊరంతా మిల్లు మీద బతికే చోట కొనేవాడు దొరకడమే పెద్ద సంగతి.

క్లెయిమ్ వేయడం కష్టమైన పనేమీ కాదు. పిటిషన్ స్వీకరించాక ఒక ఇంగ్లిష్ పేపర్లో, ఒక ప్రాంతీయ భాషా పేపర్లో ప్రకటన వస్తుంది. అదే ibbi.gov.in లోనూ ఉంటుంది. క్లెయిములకి గడువు తాత్కాలిక ఆర్పీ నియామకం నుంచి 14 రోజులు. గడువు దాటినా 90 రోజుల దాకా, లేదా ప్లాన్లకి పిలుపు ఇచ్చేదాకా, ఏది తర్వాతైతే అది, కారణం చెప్పి వేయొచ్చు. కార్మికులు, ఉద్యోగులు వేసేది ఫారం డి. చాలామంది ఉంటే అందరి తరఫునా ఒక ప్రతినిధి ఫారం ఇ వేయొచ్చు. కంపెనీ లిక్విడేషన్‌లోకి వెళ్లాక మళ్లీ క్లెయిములు పిలుస్తారు, ఈసారి 30 రోజులు. అక్కడ విడిగా వేసే ఫారం ఇ, ప్రతినిధి వేసే ఫారం ఎఫ్. అంటే ఫారం ఇ అన్న పేరే రెండు దశల్లో రెండు వేర్వేరు కాగితాలకి ఉంది. పాత ఫారమే మళ్లీ ప్రింటు తీసి సంతకం పెట్టి పంపినవాళ్లకి అది తిరిగొస్తుంది.

ఫారానికి జతచేసేవి: నియామక పత్రం గానీ ఐడీ కార్డు గానీ, చివరిగా జీతం పడిన నెలకి ముందూ వెనకా కలిపి బ్యాంకు స్టేట్‌మెంట్, జీతం స్లిప్పులు, బకాయి అడుగుతూ పంపిన నోటీసు, ఉంటే లేబర్ కోర్టు ఆర్డరు. స్టేట్‌మెంట్ ఎందుకంటే, జీతం పడలేదన్న దాన్ని నిరూపించడం కష్టం. ప్రతి నెలా ఫలానా తేదీకి కంపెనీ పేరుతో జమ పడుతూ వచ్చి ఒక నెల నుంచి ఆగిపోయినట్టు కాగితం మీద కనిపిస్తే అదే రుజువు. చేతికి నగదు తీసుకున్నవాళ్లకి ఈ సౌకర్యం ఉండదు, వాళ్లకి మస్టర్ రోలు, ఈఎస్ఐ చందా రికార్డు ఆధారం. లిక్విడేషన్ దశలో క్లెయిమ్ వేయని కార్మికుడి బకాయిని కూడా కంపెనీ పుస్తకాల్లో కనిపిస్తే లిక్విడేటర్ ఒప్పుకోవచ్చు. కానీ ఆ "వచ్చు" మీద ఇల్లు కట్టకండి, మూసేసే కంపెనీ పుస్తకాలు ఎలా ఉంటాయో తెలిసిందే కదా.

ఫారంలో ముఖ్యంగా చూసుకోవలసింది బకాయిని ఒకే మొత్తంగా రాయకపోవడం. జీతం, పీఎఫ్, గ్రాట్యుటీ మూడు వేర్వేరు వరసల్లో, ఏ నెలకి ఎంతో విడగొట్టి రాయాలి. ఎందుకంటే ఈ మూడూ ఒకే పంక్తిలో కూర్చోవు.

పీఎఫ్, పెన్షన్, గ్రాట్యుటీ నిధుల నుంచి కార్మికులకీ ఉద్యోగులకీ రావలసిన సొమ్ము అసలు కంపెనీ ఆస్తే కాదని 36వ సెక్షన్ అంటుంది. అది పంపకానికి పెట్టిన సొమ్ములో కలవదు, కాబట్టి ముప్పై పైసల కోత దానికి లేదు, 24 నెలల కిటికీ లేదు, కార్మికుడా మేనేజరా అన్న తేడా కూడా లేదు. జీతాలు ఆగే ముందు చాలా కంపెనీలు చేసే పని ఏమిటంటే, జీతంలో పీఎఫ్ కోస్తూనే ఈపీఎఫ్ఓకి కట్టడం మానేయడం. మన మిల్లు కార్మికుడికి బేసిక్, డీఏ కలిపి 15,000 అనుకుంటే, నెలకి అతని వాటా 1,800, కంపెనీ వాటా 1,800. 2022 ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా కట్టకపోతే 21,600. ఇది స్లిప్పులో కోసినట్టు ఉంటుంది, పీఎఫ్ పాస్‌బుక్‌లో పడినట్టు ఉండదు. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి పంపితే వాదనే అక్కర్లేదు. కిటికీ తేదీ ఏదైనా ఈ 21,600 పూర్తిగా అడగొచ్చు. పాస్‌బుక్‌ని మూడు నెలలకోసారి చూసుకునే అలవాటు ఉన్నవాళ్లకి కంపెనీ మునిగిపోతోందని మిగతావాళ్ల కన్నా ముందే తెలుస్తుంది.

గ్రాట్యుటీ దగ్గర కొంచెం చిక్కు. 18 ఏళ్ల సర్వీసుకి 15,000ని 15తో గుణించి 26తో భాగించి 18తో గుణిస్తే 1,55,769 రూపాయలు. చాలామందికి ఆగిన జీతం కన్నా ఇదే పెద్ద మొత్తం. చట్టం "గ్రాట్యుటీ నిధి" నుంచి రావలసింది అంటుంది. కంపెనీ అసలు అలాంటి నిధే పెట్టకపోతే? హైదరాబాద్ కంపెనీ లాంకో ఇన్‌ఫ్రాటెక్ లిక్విడేషన్‌లో ఈ ప్రశ్నే వచ్చింది. నిధి లేనప్పుడు గ్రాట్యుటీ కట్టమని లిక్విడేటర్‌ని ఆదేశించలేమని, ఎన్‌సీఎల్‌టీ మీద అప్పీళ్లు వినే ఎన్‌సీఎల్‌ఏటీ 2020 ఫిబ్రవరిలో చెప్పింది. యజమాని చట్టం ఉల్లంఘించి నిధి పెట్టకపోతే, ఆ ఉల్లంఘన నష్టం కార్మికుడి నెత్తిన పడిందన్నమాట. ఆ తర్వాత జెట్ ఎయిర్‌వేస్ కేసులో 2022 అక్టోబర్‌లో అదే ట్రిబ్యునల్ ఉద్యోగుల పీఎఫ్, గ్రాట్యుటీ పూర్తిగా కట్టాలని కొనేవాళ్లను ఆదేశించింది, 2023 జనవరిలో సుప్రీంకోర్టు దానిలో వేలు పెట్టలేదు. చివరికి ఆ ప్లానే అమలు కాలేదు. 2024 నవంబర్ 7న సుప్రీంకోర్టు జెట్‌ని లిక్విడేషన్‌కి పంపింది. కాబట్టి ప్లాన్ దశలో గ్రాట్యుటీ పూర్తిగా అడగడానికి బలం ఉంది. లిక్విడేషన్ దశలో, నిధి లేని కంపెనీలో, లాంకో తీర్పుని ఎదురు చూపిస్తారని తెలిసి వెళ్లాలి. మీ కంపెనీ గ్రాట్యుటీకి ఎల్‌ఐసీ పాలసీ తీసుకుందో లేదో ఉద్యోగంలో ఉన్నప్పుడే హెచ్‌ఆర్‌ని అడగడానికి ఇదొక్కటే చాలు కారణం.

ఇక "కార్మికుడు" ఎవరన్నది. రెండో మెట్టుకీ మూడో మెట్టుకీ ఉన్న తేడా ముప్పై పైసలకీ సున్నాకీ ఉన్న తేడా అని చూశాం. అందుకే ఆర్పీలు ఇక్కడ గట్టిగా వడపోస్తారు. నిర్వచనం పారిశ్రామిక వివాదాల చట్టం నుంచి వచ్చింది. చేతిపని, నైపుణ్యం, టెక్నికల్, ఆపరేషనల్, గుమాస్తా పని చేసేవాళ్లు జీతమెంతైనా కార్మికులే. మేనేజర్ పని చేసేవాళ్లు కారు. ఆ పాత చట్టంలో సూపర్‌వైజర్ జీతం 10,000 దాటితే కార్మికుడు కాడు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో ఆ హద్దు 18,000. కంపెనీలు ప్రమోషన్ పేరుతో జీతం పెంచకుండా హోదా మాత్రం పెంచుతాయి. "షిఫ్ట్ ఇన్‌ఛార్జి" అని కార్డు మీద ఉంటుంది, మనిషి మాత్రం ఎనిమిది గంటలూ ప్యానెల్ ముందు రీడింగులు రాస్తూ ఉంటాడు. కోర్టులు చూసేది హోదా కాదు, ప్రధానంగా చేసే పని. సెలవులు మంజూరు చేసే అధికారం లేదనీ, ఎవరినీ పనిలో పెట్టలేడనీ, లాగ్‌బుక్‌లో రీడింగుల పక్కన సంతకం తనదేననీ చూపించగలిగితే అతను కార్మికుడే. ఆ లాగ్‌బుక్ పేజీల ఫొటోలు గేటు మూయక ముందే ఫోన్‌లో ఉండాలి, మూశాక ఆ పుస్తకం లోపలే ఉండిపోతుంది. హైదరాబాద్‌లో మూతపడే చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలవాళ్లు తాము ఈ నిర్వచనంలోకి రామని ముందే అనుకుంటారు. కోడ్ రాసే పని టెక్నికల్ పనే. దాని మీద వాదన జరుగుతుంది, గెలుపు ఖాయం కాదు. కానీ ఫారంలో "ఉద్యోగి" అని మనమే టిక్ పెట్టుకుంటే ఆ వాదనకి కూడా చోటుండదు.

బ్యాంకు పంక్తిలో కూర్చోకుండా తన తాకట్టు ఆస్తిని తనే అమ్ముకుంటే ఏమవుతుందన్నది చాలామందిని భయపెట్టే ప్రశ్న. దానికి లిక్విడేషన్ నిబంధన 21ఎ ఉంది. అలా బయటికి వెళ్లిన బ్యాంకు కూడా, పంక్తిలో ఉండి ఉంటే కార్మికుల వాటాకి ఎంత వదులుకునేదో అంత, లిక్విడేషన్ మొదలైన 90 రోజుల్లోపు తెచ్చి కట్టాలి. ఇది కట్టించుకోవడం లిక్విడేటర్ పని. కట్టారా అని అతనికి లిఖితపూర్వకంగా రాసి అడగడం యూనియన్ పని.

ఇంతసేపూ మాట్లాడింది కంపెనీల గురించి. మన ఊళ్లలో రైసు మిల్లు, ఇటుకల బట్టీ, హోటలు, బట్టల షాపు చాలావరకు సొంత యాజమాన్యాలో భాగస్వామ్యాలో. వాటికి కొత్త కోడ్‌లోని వ్యక్తుల దివాలా భాగం, కంపెనీ అప్పులకి గ్యారంటీ ఇచ్చినవాళ్ల విషయంలో తప్ప, ఇంకా అమల్లోకి తేలేదు. కాబట్టి ఆ యజమాని దివాలా పిటిషన్ వేసేది జిల్లా కోర్టులో, 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద. అందులో 61వ సెక్షన్ కార్మికుడికి ముందు వరసే ఇచ్చింది. పిటిషన్‌కి ముందు నాలుగు నెలల జీతం, మొత్తం కలిపి ఇరవై రూపాయలకి మించకుండా. ఇరవై వేలు కాదు, ఇరవై. నూరేళ్ల కిందట అది మనిషికి రెండు నెలల జీతమై ఉంటుంది. కేంద్ర చట్టం పుస్తకంలో ఆ అంకె అలాగే ఉంది.

అలాంటి చోట దివాలా కోర్టు కోసం ఎదురుచూడకుండా వేతనాల దారిలో వెళ్లడమే నయం. వేతనాల కోడ్ ప్రకారం సంస్థ మూసివేత వల్ల పని పోయినవాళ్లకి రెండు పనిదినాల్లో మొత్తం జీతం కట్టాలి. కట్టకపోతే లేబర్ డిపార్ట్‌మెంట్ నియమించిన అధికారి దగ్గర మూడేళ్లలోపు క్లెయిమ్ వేయొచ్చు, బకాయికి పది రెట్ల దాకా పరిహారం వేసే అధికారం అతనికుంది. యజమాని దివాలా పిటిషన్ వేయకముందే ఆ ఆర్డరు చేతిలో ఉంటే వసూలుకి వెళ్లొచ్చు. వేసిన తర్వాతైతే మళ్లీ ఆ ఇరవై రూపాయల వరసలోకే వెళ్లాలి.